దుంప నడుమ పలుకు: కాల్చడమా, ఉడికించడమా, అసలు తేడా ఎక్కడ?

అన్నం పలుకుమీద ఉంటే మరో రెండు నిమిషాలు మగ్గనిస్తాం. పప్పు ఉడక్కపోతే ఇంకో కూత రానిస్తాం. చిలగడదుంప దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క ఒక్కోసారి తప్పుతుంది. తొక్క తనంతట తానే ఊడి వస్తుంది, చుట్టూ వెన్నలా ఉంటుంది, నడుమ మాత్రం పచ్చి కొబ్బరి కొరికినట్టు పంటికి తగులుతుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టినా కొన్నిసార్లు ఆ గట్టిదనం వదలదు. అదే గంపలోంచి తెచ్చిన పక్క దుంప హాయిగా ఉడికిపోయి ఉంటుంది.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. కాల్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదని కొందరు, కుక్కర్ మూత తొందరపడి తీశారని కొందరు, ఫ్రిజ్‌లో పెట్టినందుకే ఇలా అయిందని మరికొందరు అంటారు. చింతపండు పులుసు ముందే పోశారన్నది ఇంకో మాట. వీటిలో చాలావాటిలో నిజం ఉంది. చిక్కల్లా రెండు వేరు వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల వచ్చింది. కాల్చాలా, ఉడికించాలా అన్నది ముఖ్యంగా తీపికీ తడికీ సంబంధించిన ప్రశ్న. నడుమ ఎందుకు గట్టిపడిందన్నది వేడి అక్కడికి ఎంతసేపటికి చేరింది, దారిలో ఎక్కడ ఆగింది, పొయ్యి ఎక్కకముందు దుంప ఎక్కడ నిల్వ ఉంది అన్న ప్రశ్న. రెంటినీ విడదీసి చూస్తే చాలా వాదనలు వాటంతట అవే సర్దుకుంటాయి, కొన్ని మాత్రం మిగులుతాయి.

ముందు పేర్ల చిక్కు

ఏ దుంప గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకపోతే ఈ చర్చ ఒక్క అడుగు ముందుకు పడదు. కోస్తాలో చిలగడదుంప అన్నదే రాయలసీమలో గెనుసుగడ్డ. తెలంగాణలో చాలాచోట్ల దాన్ని కందగడ్డ అంటారు, మోరంగడ్డ అనేవాళ్ళూ ఉన్నారు. శివరాత్రి ఉపవాసం విడిచేటప్పుడు తెలంగాణ ఇళ్ళలో ఉడికించే కందగడ్డ ఇదే. కోస్తావారికి కంద అంటే పూర్తిగా వేరే దుంప. ఏనుగు పాదమంత ఉండి, కోస్తే చెయ్యి దురద పెట్టేది అది. పెండలం మరొకటి. వృక్షశాస్త్రం ప్రకారం అసలైన యామ్ కుటుంబానికి చెందినది పెండలమే. కర్రపెండలానికి దీనితో పేరు తప్ప చుట్టరికం లేదు.

అమెరికాలోనూ ఇలాంటి గందరగోళమే ఉంది. 1930లలో లూసియానా రైతులు తాము పండించే మెత్తని, నారింజ రంగు చిలగడదుంపను ఉత్తరాది రాష్ట్రాల పొడి దుంప నుంచి వేరుగా చూపించడానికి యామ్ అన్న పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. అక్కడి దుకాణంలో యామ్ అన్న బోర్డు చూసి కందో పెండలమో అనుకుని కొన్న తెలుగువారికి ఇంటికెళ్ళాక దొరికేది చిలగడదుంపే. అందుకే యామ్‌ను గంటసేపు ఓవెన్‌లో కాల్చమని ఒక అమెరికన్ వంటపుస్తకం చెబితే, ఆ సలహా పెండలానికి వర్తించదు. కారణం చిలగడదుంప లోపలి రసాయనంలో ఉంది.

కాల్చేవారి వాదం: తీపి ఎక్కడి నుంచి వస్తుంది

పచ్చి చిలగడదుంప కొరికితే కొంచెం తియ్యగా ఉంటుంది. కాల్చినది అంతకంటే ఎంతో తియ్యగా ఉంటుంది. ఆ అదనపు తీపి దుంపలో ముందుగా లేదు, కాలేటప్పుడు తయారవుతుంది. చిలగడదుంపలో పిండి పదార్థాన్ని మాల్టోస్ అనే చక్కెరగా విడగొట్టే బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. ఎంత పుష్కలమంటే, 1946లో అమెరికన్ శాస్త్రవేత్తలు బీటా అమైలేజ్‌ను స్ఫటికాల రూపంలో వేరుచేయడానికి ఎంచుకున్నది ఈ దుంపనే.

ఆ ఎంజైమ్‌కు ఒక ఇబ్బంది ఉంది. పచ్చి పిండి రేణువుల్ని అది దాదాపు ముట్టుకోలేదు. రేణువులు నీరు పీల్చి ఉబ్బి గంజిలా మారాకే దాని పని మొదలవుతుంది. చిలగడదుంపలో ఆ ఉబ్బడం సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. 80 డిగ్రీలు దాటేసరికి ఎంజైమే చచ్చిపోతుంది. అంటే తీపి తయారయ్యేందుకు ఈ రెండు మెట్ల నడుమ ఉన్న సమయం ఒక్కటే ఉంది. దుంపలోని ప్రతి పొరా ఆ దశలో ఎంతసేపు గడిపిందన్నదే దాని తీపిని నిర్ణయిస్తుంది.

దీన్ని బట్టి కాల్చిన దుంప ఎందుకు గెలుస్తుందో తెలుస్తుంది. ఓవెన్‌లోని గాలి 200 డిగ్రీలున్నా దుంపకు వేడిని అందించడంలో అది నీళ్ళకంటే చాలా నిదానం. పైగా పైపొరలోంచి తడి ఆవిరవుతున్నంతసేపూ ఆ పొర వంద డిగ్రీలను పెద్దగా దాటదు. లోపలి భాగం మెల్లగా వేడెక్కుతూ 65కూ 80కీ నడుమ తీరిగ్గా సమయం గడుపుతుంది. పొయ్యిలోని కుమ్ములో పూడ్చిన దుంపకూ ఇదే జరుగుతుంది. కుండలో పెట్టి తంపట వేసినప్పుడూ వేడి ఇలాగే మందంగా లోపలికి దిగుతుంది. వేడి రాళ్ళ మీద చిలగడదుంపలు కాల్చి అమ్మే జపాన్ వీధి వ్యాపారులు, బొగ్గుల మీద కాల్చి మసాలా, నిమ్మరసం జల్లి ఇచ్చే ఢిల్లీ బండ్లవాళ్ళు నమ్ముకున్నది కూడా ఈ నిదానాన్నే. నీరు కొంత ఆవిరైపోవడం వల్ల ఉన్న చక్కెర మరింత చిక్కబడుతుంది. దుంపను రేకులో చుట్టి కాలిస్తే ఆ లాభం చాలావరకు పోతుంది, ఎందుకంటే రేకు లోపల ఆవిరి మిగిలి అది ఉడికించడానికి దగ్గరగా వచ్చేస్తుంది.

ఈ వివరణకు మంచి రుజువు జపాన్‌లోనే దొరికింది. అక్కడి శాస్త్రజ్ఞులు పెంచిన క్విక్ స్వీట్ అనే రకంలో పిండి మామూలు రకాలకంటే సుమారు 20 డిగ్రీలు తక్కువ వేడికే గంజిగా మారుతుంది. దానివల్ల ఎంజైమ్‌కు పనిచేసే సమయం ఎక్కువ దొరికి, మైక్రోవేవ్‌లో గబగబా వండినా ఆ దుంప తియ్యగానే ఉంటుంది. మామూలు దుంపను మైక్రోవేవ్‌లో పెడితే ఆ దశ నిమిషాల్లో దాటిపోయి, తీపి చప్పబడిపోతుంది.

ఉడికించేవారి వాదం

ఉడికించేవారి పక్షాన ఉన్న మొదటి మాట వేగం, సౌకర్యం. మన ఇళ్ళలో ఓవెన్ అందరికీ లేదు, కుక్కర్ ఉంది. రెండో మాట దుంప తడిగా, మృదువుగా ఉండటం. పాయసానికో, బొబ్బట్టులోని పూర్ణానికో మెదపాలంటే కాల్చిన దుంప అంచుల్లోని బెరడు అడ్డం వస్తుంది, ఉడికించినదైతే హాయిగా మెదుగుతుంది. తొక్కతో ఉడికిస్తే చక్కెర నీళ్ళలోకి పోవడం తక్కువ. తొక్క తీసి ముక్కలు చేసి ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే మాత్రం కొంత తీపి నీళ్ళపాలు అవుతుంది.

మూడో మాటను మధుమేహం ఉన్నవారు గమనించాలి. జమైకాలో పది రకాల చిలగడదుంపల మీద జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఉడికించిన దుంపల గ్లైసీమిక్ సూచిక 41 నుంచి 50 దాకా ఉంటే, ఓవెన్‌లో కాల్చినవాటిది 82 నుంచి 94 దాకా ఉంది. నాలుక ఇష్టపడే తీపికీ, రక్తంలో చక్కెర పెరిగే వేగానికీ ఇక్కడ పొత్తు కనిపిస్తుంది. రకం, పరిమాణం, పక్కన తిన్నదేమిటి అన్నదాన్ని బట్టి అంకెలు మారతాయి కాబట్టి వీటిని ప్రతి ఇంటికీ అలాగే అన్వయించలేం. దిశ మాత్రం స్పష్టంగానే ఉంది.

వంట గదిలో ఇద్దరి వాదాలకూ చోటుంది. కాల్చినది ఉత్తిగా తినడానికి, ఉడికించినది మరో వంటకంలో కలపడానికి, చక్కెర విషయంలో జాగ్రత్తపడేవారికి. కాలిస్తే నడుమ పలుకు రాదన్న మాటకు మాత్రం ఆధారం లేదు. తొందరపడి తీసిన దుంప ఓవెన్‌లోనూ కుమ్ములోనూ కూడా పలుకుమీదే ఉంటుంది.

పెండలం, కందల దగ్గర వాదమే మారుతుంది

పెండలంలోనూ కందలోనూ చిలగడదుంపలో ఉన్నంత బీటా అమైలేజ్ లేదు. ఎంత నిదానంగా కాల్చినా వాటిలో తీపి పెద్దగా పెరగదు. కాబట్టి తీపి కోసం కాల్చాలన్న వాదం వీటికి వర్తించదు. వీటి పిండి గంజిగా మారడానికి చిలగడదుంపకంటే కాస్త ఎక్కువ వేడి కూడా కావాలి. నైజీరియాలో తెల్ల యామ్‌ను ఉడికించి రోట్లో దంచి తింటారు, బొగ్గుల మీద కాల్చి వీధుల్లోనూ అమ్ముతారు. అక్కడ ఆ రెంటి మధ్య ఎంపిక రుచికీ, నమలడానికీ సంబంధించినదే.

కందలో మరో చిక్కు ఉంది. దాని దురదకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. ఆ దురద విరగడానికి మనవాళ్ళు చింతపండు వాడతారు. తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకం దురద తక్కువగా ఉండటం వల్లే అంతగా వ్యాపించింది. చింతపండు దురదకు మంచి మందే కానీ ఉడకడానికి అడ్డు. పులుపు ఉన్నచోట ముక్క మెత్తబడటం నెమ్మదిస్తుంది. అందుకే కంద బచ్చలి బాగా చేసేవాళ్ళు ముందు కందను విడిగా ఉడకనిచ్చి, తర్వాతే పులుసు పోస్తారు. దప్పళంలో చిలగడదుంప ముక్కలకూ ఇదే వరస.

నడుమ గట్టిదనానికి నాలుగు వివరణలు

దుంప మెత్తబడటమంటే రెండు పనులు జరగాలి. లోపలి పిండి గంజిగా మారాలి. కణానికీ కణానికీ మధ్య జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ కరగాలి. పిండి 65 నుంచి 75 డిగ్రీలకే మారిపోతుంది. పెక్టిన్ వదలడానికి దాదాపు 85 డిగ్రీలు దాటాలి, ఆ వేడిలో కొంతసేపు ఉండాలి. నాలుగు వివరణలూ ఈ రెండు పనుల్లో ఏదో ఒకటి ఆగిపోవడం గురించే.

మొదటి వివరణ మామూలుది: వేడి నడుమకి చేరలేదు. ఇక్కడ చాలామంది పొరబడేది మందం విషయంలో. దుంప మందం రెండింతలైతే ఉడికే సమయం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. మరుగుతున్న నీళ్ళలో 4 సెంటీమీటర్ల మందం ఉన్న దుంప నడుమ 90 డిగ్రీలకు చేరడానికి లెక్క ప్రకారం సుమారు 20 నిమిషాలు పడితే, 6 సెంటీమీటర్ల దుంపకు 45 నిమిషాలు దాటుతుంది. ఒకే గిన్నెలో సన్నవీ లావువీ కలిపి వేస్తే సన్నవి చితికిపోయే వేళకు లావువి పలుకుమీద ఉండటం ఇందువల్లే.

రెండోది అంతగా ప్రచారంలో లేని వివరణ, కానీ వంటింట్లో దీని పాత్ర పెద్దదనే నా అభిప్రాయం. దుంపలో పెక్టిన్ మీద పనిచేసే మరో ఎంజైమ్ ఉంది, పేరు పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్. అది సుమారు 55 నుంచి 65 డిగ్రీల మధ్య చురుగ్గా ఉంటుంది. పెక్టిన్ రూపాన్ని అది మార్చినప్పుడు, దుంపలోనే ఉన్న కాల్షియం వచ్చి ఆ పోగుల్ని ఒకదానితో ఒకటి కట్టిపడేస్తుంది. అలా కట్టుపడిన పెక్టిన్ తర్వాత వంద డిగ్రీల వేడికి కూడా సులువుగా లొంగదు. ఆహార పరిశ్రమ దీన్ని కావాలనే వాడుకుంటుంది: చిలగడదుంప ముక్కలను డబ్బాల్లో పెట్టేముందు 60 డిగ్రీల చుట్టుపక్కల కొంతసేపు ఉంచితే అవి తర్వాత చితికిపోకుండా నిలుస్తాయి. ఇంట్లో ఇది మన ప్రమేయం లేకుండా జరుగుతుంది. ఉడుకుతుండగా పొయ్యి ఆపేసి, అరగంట తర్వాత మళ్ళీ వెలిగించిన దుంపకు పట్టేది ఈ గతే.

మూడోది నిల్వకు సంబంధించినది. చిలగడదుంప వేడి నేలల్లో పుట్టిన పంట, చలి తట్టుకోలేదు. దానికి అనువైన నిల్వ 13 నుంచి 15 డిగ్రీలు. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. 1970లలో అమెరికా పరిశోధకులు ఒక వింత లోపాన్ని నమోదు చేశారు. చలి తగిలిన దుంపను పచ్చిగా కోస్తే ఏ తేడా కనిపించదు, వండాక మాత్రం లోపల గట్టి భాగాలు మిగులుతాయి. వాళ్ళు దానికి హార్డ్‌కోర్ అని పేరు పెట్టారు. అన్ని రకాలూ దీనికి ఒకేలా లొంగవు. తవ్విన వెంటనే దుంపల్ని 29 డిగ్రీల వేడిలో, 85 నుంచి 90 శాతం తేమలో నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే తొక్క గాయాలు మానుతాయి, చలిని ఓర్చుకునే శక్తీ కొంత పెరుగుతుంది.

నాలుగోది పులుపు, తీపి. చింతపండు రసంలాంటి పుల్లని నీటిలో పెక్టిన్ విడిపోవడం బాగా మందగిస్తుంది. బెల్లం పాకంలో ముక్కలు వేసినా, బెల్లం నీటిని తనవైపు లాక్కోవడంతో ముక్క గట్టిపడుతుంది. బెల్లం ముక్కలు చేసేవాళ్ళు ముందు దుంపను పూర్తిగా ఉడికించాకే పాకంలో వేయడానికి కారణం ఇదే. కాల్షియం ఎక్కువగా ఉన్న బోరునీటిలో ఉడికించినా కొంత గట్టిదనం చేరుతుంది, ఎందుకంటే పెక్టిన్‌ను కట్టిపడేసేది ఆ కాల్షియమే.

కోసి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది

నాలుగూ నాలుకకు గట్టిగానే తగులుతాయి, కంటికి మాత్రం వేరుగా కనబడతాయి. దుంపను అడ్డంగా కోసినప్పుడు నడుమ గుండ్రంగా, చుట్టూ ఉన్నదానికంటే తెల్లగా, సున్నంలా కనిపించి, పచ్చి వాసన వస్తుంటే అక్కడ పిండి ఇంకా గంజి కాలేదు. అది వేడి చేరని దుంప. వెంటనే మళ్ళీ పెడితే చాలావరకు బాగుపడుతుంది.

నడుమ భాగం రంగు మారి, పచ్చి వాసన పోయి, ఉడికిన దుంపలా కొంచెం పారదర్శకంగా ఉండి కూడా క్యారెట్ ముక్కలా ఫట్‌మని విరిగితే, పిండి ఉడికింది కానీ పెక్టిన్ వదల్లేదు. మళ్ళీ గంట ఉడికించినా పెద్ద తేడా రాదు. ఆ దుంపను సన్నగా కోసి నూనెలో వేయించుకోవడమే మేలు. గట్టి భాగం సరిగ్గా నడుమ కాకుండా అక్కడక్కడ మచ్చల్లా ఉండి, ఒకేసారి తెచ్చిన దుంపల్లో చాలావాటికి అలాగే ఉంటే చలి దెబ్బ అని అనుమానించాలి. ముక్క బయటి అంచు గట్టిగా, లోపల మెత్తగా ఉంటే పులుసు ముందే పోశారని అర్థం, ఎందుకంటే పులుపు బయటినుంచి లోపలికి వెళ్తుంది.

వీటితో కలపకూడనిది ఇంకొకటుంది. ముక్కుపురుగు తొలిచిన దుంపలో నల్లటి గీతల చుట్టూ గట్టిదనంతో పాటు చేదు ఉంటుంది. దెబ్బతిన్న దుంప తనను కాపాడుకోవడానికి తయారుచేసుకునే పదార్థాల చేదు అది. వండితే పోదు, ఆ దుంపను పారేయాలి.

ఒక కుక్కర్ లెక్క

ఒక కిలో చిలగడదుంపలు కుక్కర్లో పెట్టారనుకుందాం. నాలుగు సన్నవి, 4 సెంటీమీటర్ల మందం. రెండు లావువి, 6 సెంటీమీటర్లు. కుక్కర్ పూర్తి ఒత్తిడికి వచ్చాక లోపల దాదాపు 120 డిగ్రీలుంటాయి. మూడు కూతలు వచ్చేదాకా, అంటే సుమారు పది నిమిషాలు ఉంచి ఆపేశారు. విజిల్‌ను గరిటెతో లేపి ఆవిరి వదిలేసి మూత తీశారు.

ఆపే సమయానికి సన్న దుంప నడుమ 75 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంచుల్లో ఉన్న వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది కాబట్టి పళ్ళెంలోకి వచ్చేలోపు అది ఇంకా ఎక్కి, ఫరవాలేదనిపించేంత మెత్తబడుతుంది. లావు దుంప నడుమ మాత్రం ఆపే సమయానికి 40 డిగ్రీలు కూడా ఉండదు. మూత తీశాక బయటి వేడి లోపలికి పాకి, నడుమ 60, 65 డిగ్రీల దాకా వచ్చి అక్కడే తచ్చాడుతుంది. పెక్టిన్‌ను బిగించే ఎంజైమ్‌కు కావాల్సింది సరిగ్గా ఆ వేడే. వంట చేసినవారు ఒక దుంప విరిచి చూసి, పలుకు గమనించి, మిగతా పనులు చూసుకుని అరగంటకు మళ్ళీ కుక్కర్ పెడితే, అప్పటికి మొదటి రకం లోపం రెండో రకంగా మారిపోయి ఉంటుంది. మొదట్లో వేడి చేరక మిగిలిన పలుకు, ఇప్పుడు వేడికి లొంగని పలుకు అవుతుంది. ఒకే గంప దుంపల్లో కొన్ని మళ్ళీ ఉడికిస్తే బాగుపడి, కొన్ని బాగుపడకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం కావచ్చు.

అదే కుక్కర్లో లావు దుంప నడుమ 90 డిగ్రీలకు రావాలంటే పూర్తి ఒత్తిడిలో సుమారు 30 నిమిషాలు కావాలి. అంతసేపు ఉంచితే సన్నవి నీరుకారిపోతాయి. లావువాటిని నిలువుగా రెండుగా చీల్చి పెట్టడం తేలిక, మందం సగానికి దగ్గరగా వస్తుంది కాబట్టి సమయం చాలా తగ్గుతుంది. ఆవిరిని వదిలేయకుండా కుక్కర్‌ను తనంతట తాను చల్లారనిస్తే మరికొన్ని నిమిషాల వేడి ఉచితంగా దొరుకుతుంది. గిన్నెలో ఉడికిస్తే నడుమలో ఆపకుండా ఒక్క వరసన పూర్తిచేయాలి. సన్న పుల్ల గుచ్చి, నడుమ దాటేటప్పుడు చేతికి ఆనకుండా దిగిపోతేనే దించాలి. పైనుంచి రెండు సెంటీమీటర్లు దిగిందని నమ్మకూడదు, లావు దుంపలో పలుకు అంతకంటే లోతులో ఉంటుంది.

ఓవెన్‌లో ఇదే లావు దుంపకు 200 డిగ్రీల దగ్గర గంట, ఒక్కోసారి గంటంబావు పడుతుంది. తొక్క ముడతలు పడి, ఒకటి రెండు చోట్ల తేనెలాంటి పాకం బయటికి ఊరి గట్టిపడటం మొదలైతే లోపల తీపి తయారైందని గుర్తు. ఆ పాకం కనిపించినా నడుమ పుల్ల గుచ్చి చూడాల్సిందే, ఎందుకంటే పాకం తొక్క కింది పొరల సంగతి మాత్రమే చెబుతుంది.

ఇంకా తేలనివి

ఒక ప్రశ్న ఈ మొత్తం వాదానికి మూలంలోనే ఉంది. తీపి తయారయ్యే వేడి 65 నుంచి 80 డిగ్రీలు. పెక్టిన్ బిగుసుకునే వేడి 55 నుంచి 65 డిగ్రీలు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తీపి కోసం దుంపను మరీ నిదానంగా వేడెక్కిస్తే బిగుసుకోవడానికీ సమయం ఇచ్చినట్టే. కుమ్ములో, రాళ్ళ మీద కాల్చిన దుంప అయినా మెత్తగానే ఎందుకు వస్తుంది? చివర్లో చాలాసేపు 90 డిగ్రీలపైన ఉండటం వల్ల బిగింపు కొంత వదులుతుందనీ, పిండిలో మంచి భాగం చక్కెరై కరిగిపోవడం వల్ల మెత్తదనం వస్తుందనీ చెప్పవచ్చు. ఏ రకానికి ఎంత నిదానం మేలు చేస్తుంది, ఎక్కడ దాటితే చెడుతుంది అన్నది మన రకాల విషయంలో వంటవాళ్ళ చేతి అంచనాకే మిగిలి ఉంది. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ నారింజ రంగు భూ సోనా, ఊదా రంగు భూ కృష్ణ లాంటి రకాలు ఇచ్చింది. రంగును బట్టి కొన్న ఆ దుంపలకు పాత తెల్ల దుంప సమయాలే సరిపోతాయనుకోవడం తొందరపాటు.

చలి దెబ్బ విషయంలోనూ సందేహం మిగిలే ఉంది. చలి తగిలిన దుంపలో పెక్టిన్ మారుతుందని గమనించారు. వండేటప్పుడు ఎంజైమ్ చేసే బిగింపుకూ, చలివల్ల వచ్చే హార్డ్‌కోర్‌కూ మూలం ఒకటేనా, లేక ఒకే ఫలితం ఇచ్చే రెండు దారులా అన్నది వంటింట్లో విడదీయడం కష్టం. ఫ్రిజ్‌లోంచి తీసిన దుంపను కుక్కర్లో సగం ఉడికించి ఆపేస్తే రెండూ ఒకేసారి జరుగుతాయి.

పెండలం కుటుంబంలో ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. పశ్చిమ ఆఫ్రికాలో పండే మూడాకుల యామ్‌ను తవ్విన రోజే వండుకోవాలి. ఒకట్రెండు రోజులు గడిస్తే చలి తగలకపోయినా, పులుపు తగలకపోయినా లోపల గట్టిపడుతుంది, ఎంత ఉడికించినా మెత్తబడదు. కామెరూన్‌లో దీని మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. తవ్విన తర్వాత కణాల గోడలు మందమెక్కి కట్టెలా మారడమే కారణమని చెబుతున్నారు. అక్కడి రైతు కుటుంబాలు ఈలోగా తమ పద్ధతినే పట్టుకుని ఉన్నాయి: పొద్దున తవ్వినది సాయంత్రంలోపు పొయ్యెక్కుతుంది, మిగిలినది నేలలోనే ఉంటుంది.